స్వతంత్ర చలరాశుల మొత్తాన్ని గుర్తుపట్టడం: భ్రామక జనక ప్రమేయం చేసే పని

1910లో మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, హాన్స్ గైగర్ కలిసి ఒక లెక్కింపు చేశారు. పొలోనియం పూత పూసిన చిన్న బిళ్ళ నుంచి వెలువడే ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడ్ తెర మీద పడినప్పుడల్లా ఒక చిన్న మెరుపు కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలోంచి ఆ మెరుపును చూసిన వ్యక్తి చేత్తో ఒక విద్యుత్ వలయాన్ని మూస్తే, కదులుతున్న కాగితపు టేపు మీద గుర్తు పడుతుంది. తరువాత ఆ టేపును ఏడున్నర సెకన్ల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో ఎన్ని గుర్తులు ఉన్నాయో లెక్కపెట్టారు. మొత్తం 2608 ముక్కల్లో 10,097 మెరుపులు తేలాయి. అంటే ఒక్కో ముక్కకు సగటున 3.87. ఒక్క మెరుపు కూడా లేని ముక్కలు 57, సరిగ్గా నాలుగు మెరుపులున్న ముక్కలు 532. ఈ లెక్కలను ప్రచురించిన వ్యాసానికి హ్యారీ బేట్‌మన్ అనే గణిత శాస్త్రవేత్త జతచేసిన గణిత వివరణలో, ఇలాంటి లెక్కలు పాటించవలసిన సూత్రం ఉంది. దానినే ఇప్పుడు పాయిజాన్ విభాజనం అంటున్నాం. సగటు λ అయితే, ఒక ముక్కలో k మెరుపులు కనిపించే సంభావ్యత

P(X = k) = e^(−λ) λ^k / k!

λ = 3.87 పెట్టి లెక్కిస్తే, మెరుపు లేని ముక్కలు దాదాపు 54, నాలుగు మెరుపుల ముక్కలు దాదాపు 508 రావాలి. చూసిన లెక్కలు 57, 532. పోలిక దగ్గరగానే ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. టేపును ఏడున్నర సెకన్లకు బదులు పదిహేను సెకన్ల ముక్కలుగా విడదీసి ఉంటే ఏమయ్యేది? పక్కపక్కన ఉన్న రెండు చిన్న ముక్కల లెక్కలు X, Y అనుకుంటే, పెద్ద ముక్కలోని లెక్క X + Y. దాని సగటు 7.74 అని వెంటనే చెప్పగలం. కానీ దాని విభాజనం ఏ కుటుంబానికి చెందుతుంది? అది కూడా పాయిజానేనా, లేక వేరే ఆకారం తీసుకుంటుందా? ఈ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికితే, మొత్తం n కావడానికి ఉన్న దారులన్నీ లెక్కపెట్టాలి: X సున్నా అయి Y n కావచ్చు, X ఒకటి అయి Y n−1 కావచ్చు, ఇలా చివరిదాకా. ఒక్కో దారి సంభావ్యతను గుణించి అన్నింటినీ కూడాలి. పాయిజాన్ విషయంలో ద్విపద సిద్ధాంతం ఆదుకుంటుంది కాబట్టి ఆ కూడిక ముగింపుకు వస్తుంది. మిగతా విభాజనాలలో ఆ అదృష్టం అరుదు. పది చలరాశులను కలపవలసి వస్తే తొమ్మిది సార్లు ఆ కూడిక చేయాలి. ఈ కూడికను గుణకారంగా మార్చే సాధనమే భ్రామక జనక ప్రమేయం, డిగ్రీ తరగతుల్లో మొమెంట్ జనరేటింగ్ ఫంక్షన్ అని పిలిచేది.

దాని నిర్వచనం చిన్నది. X ఒక యాదృచ్ఛిక చలరాశి, t ఒక వాస్తవ సంఖ్య అయితే

M(t) = E[e^(tX)]

E అంటే సగటు తీసుకోవడం: X తీసుకునే ప్రతి విలువకూ e^(tX) ఎంతో చూసి, దానిని ఆ విలువ సంభావ్యతతో గుణించి, అన్నింటినీ కూడాలి, X అవిచ్ఛిన్నమైనదైతే కూడికకు బదులు సమాకలనం చేయాలి. ఇందులో t అనేది మనం పెట్టుకున్న సంఖ్య మాత్రమే, దానికి ప్రయోగంలో ఏ అర్థమూ లేదు. మొదటిసారి చూసే విద్యార్థికి ఎక్కువగా చిక్కు తెచ్చేది ఇదే: t ఏమిటి అని అడుగుతారు. జవాబు ఏమిటంటే, X గురించిన అనంతమైన సమాచారాన్ని ఒకే సూత్రంలో వరుసగా అమర్చడానికి ఆ అక్షరం గుర్తుగా పనిచేస్తుంది. ఎలాగో చూడాలంటే ఘాతిక ప్రమేయాన్ని శ్రేణిగా విప్పాలి:

M(t) = 1 + t E[X] + t² E[X²]/2! + t³ E[X³]/3! + …

X సగటు, X² సగటు, X³ సగటు, ఇవే భ్రామకాలు. t గుణకంలో మొదటి భ్రామకం, t² గుణకంలో రెండవది, ఇలా ఒక్కో ఘాతం పక్కన ఒక్కో భ్రామకం కూర్చుంది. ఒకసారి t పరంగా అవకలనం చేసి t = 0 పెడితే t E[X] నుంచి వచ్చిన పదం తప్ప మిగిలినవన్నీ పోయి E[X] మిగులుతుంది; రెండుసార్లు చేస్తే E[X²] మిగులుతుంది. అందువల్ల M′(0) సగటు, M″(0) − (M′(0))² విస్తృతి. ఒక్క షరతు మాత్రం ముందే చెప్పాలి. సున్నాకు ఎడమ పక్కనా కుడి పక్కనా కొంత మేర, ఆ మేర ఎంత చిన్నదైనా సరే, M(t) పరిమితంగా ఉండాలి. ఈ షరతు లేకపోతే పైన రాసినదేదీ నిలవదు. దీని వద్దకు చివర్లో వస్తాను.

ఇప్పుడు పాయిజాన్‌కు దీనిని వేద్దాం. e^(tk) ను e^(−λ) λ^k / k! తో గుణించి k మీద కూడితే, λ^k, e^(tk) కలిసి (λe^t)^k అవుతాయి. (λe^t)^k / k! ల మొత్తం మళ్ళీ ఘాతిక శ్రేణే. దాని విలువ e^(λe^t). బయట ఉన్న e^(−λ) ను కలిపితే

M(t) = exp(λ(e^t − 1))

ఇది t విలువ ఏదైనా పరిమితమే, కాబట్టి మన షరతుకు ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి అవకలనం చేస్తే M′(t) = λe^t M(t). t = 0 వద్ద M విలువ ఎప్పుడూ 1 (ఇది తప్పు పట్టుకునే మొదటి పరీక్ష: చేతిలో ఉన్న సూత్రంలో t = 0 పెట్టినప్పుడు 1 రాకపోతే అది జనక ప్రమేయమే కాదు, ఎక్కడో ఒక స్థిరాంకం జారిపోయింది). కనుక సగటు λ. మళ్ళీ అవకలనం చేస్తే M″(t) = (λe^t + λ²e^(2t)) M(t); t = 0 వద్ద λ + λ². అందులోంచి సగటు వర్గం λ² తీసేస్తే విస్తృతి λ.

విద్యార్థులు ఇక్కడ తరచూ M″(0) నే విస్తృతిగా రాసి ఆగిపోతారు. అది రెండవ భ్రామకం మాత్రమే. సగటు వర్గాన్ని తీసివేయాలి. ఈ పొరపాటుకు తావు లేకుండా చేసే మార్గం ఒకటి ఉంది, నా మట్టుకు నేను దానినే ముందు నేర్పాలంటాను. M(t) కి బదులు దాని సంవర్గమానం K(t) = log M(t) తీసుకోవాలి. K′ = M′/M కాబట్టి K′(0) సగటు. మరొకసారి అవకలనం చేస్తే K″ = M″/M − (M′/M)², t = 0 వద్ద అది సరిగ్గా విస్తృతి; తీసివేత దానంతట అదే జరిగిపోయింది. పాయిజాన్‌కు K(t) = λ(e^t − 1). దీనిని ఎన్నిసార్లు అవకలనం చేసినా λe^t యే వస్తుంది. సున్నా వద్ద అన్నీ λ. సగటు, విస్తృతి సమానమన్న పాయిజాన్ లక్షణం ఒక్క పంక్తిలో తేలిపోయింది.

ఈ సమానత్వం కాగితం మీద లెక్కతో ఆగదు, కొలిచిన దత్తాంశాన్ని పరీక్షించే పనిముట్టు కూడా అవుతుంది. 1910 నాటి 2608 ముక్కల పట్టికను తీసుకుని విస్తృతి లెక్కిస్తే 3.69 వస్తుంది, సగటు 3.87. నిష్పత్తి 0.954. నిజంగా పాయిజానే అయితే ఈ నిష్పత్తి 1 చుట్టూ, దాదాపు √(2/2608) అంటే 0.028 ప్రామాణిక విచలనంతో తిరుగాడుతుంది. మనకు వచ్చిన తేడా దానికి ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, రెండు రెట్ల లోపు ఉంది. యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడం వింత కాదు. విస్తృతి తగ్గిన దిశకు భౌతిక కారణం ఒకటి ఊహించవచ్చు. రెండు మెరుపులు మరీ దగ్గరగా పడితే చేత్తో గుర్తు వేసే మనిషి రెండవదానిని వదిలేయవచ్చు. అలా జారిపోయేవి ఎక్కువగా రద్దీగా ఉన్న ముక్కల్లోనే ఉంటాయి కాబట్టి విస్తృతి సగటు కంటే ఎక్కువగా తగ్గుతుంది. అయితే ఇంత చిన్న తేడా ఆధారంగా అదే జరిగిందని అనడం న్యాయం కాదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. X, Y రెండు చలరాశులు. వాటి మొత్తానికి జనక ప్రమేయం

E[e^(t(X+Y))] = E[e^(tX) · e^(tY)]

ఇంతవరకు ఏ ఊహా లేదు, ఘాతాల నియమం మాత్రమే వాడాం. తరువాతి మెట్టు, లబ్ధపు సగటును సగటుల లబ్ధంగా విడగొట్టడం, X, Y స్వతంత్రమైనప్పుడు చెల్లుతుంది. స్వతంత్రత అనే పదం ఈ మొత్తం వాదనలో పనిచేసేది ఈ ఒక్క చోటే. ఇక్కడ అది లేకపోతే లెక్క ముందుకు సాగదు. అది ఉన్నప్పుడు

M_(X+Y)(t) = M_X(t) · M_Y(t)

సంవర్గమానాలు తీసుకుంటే K_(X+Y) = K_X + K_Y. రెండుసార్లు అవకలనం చేస్తే, స్వతంత్ర చలరాశుల విస్తృతులు కూడుకుంటాయన్న పాత ఫలితం దానంతట అదే బయటపడుతుంది. విడిగా నిరూపించనక్కరలేదు.

మెరుపుల లెక్కలో రెండు ముక్కలకూ λ = 3.87. పొలోనియం పరమాణువులు ఒకదానిని ఒకటి అడిగి విఘటనం చెందవు కాబట్టి, ఒకదాని మీద ఒకటి పడని రెండు కాల ఖండాల లెక్కలను స్వతంత్రంగా తీసుకోవడం సమంజసమే. వాటి జనక ప్రమేయాలను గుణిస్తే ఘాతాలు కూడుకుని

exp(3.87(e^t − 1)) · exp(3.87(e^t − 1)) = exp(7.74(e^t − 1))

వస్తుంది. కుడివైపున్న సూత్రాన్ని ముందే చూశాం: అది λ = 7.74 తో పాయిజాన్ జనక ప్రమేయం. కనుక పదిహేను సెకన్ల లెక్క కూడా పాయిజానే; దాని సగటు 7.74, ప్రామాణిక విచలనం 2.78. ఏడున్నర సెకన్ల ముక్కకు ఆ విచలనం 1.97. సగటు రెట్టింపైతే విచలనం √2 రెట్లే పెరిగింది.

పదిహేను సెకన్ల లెక్క కూడా పాయిజానే అనడానికి ముందు ఒక చిన్న గెంతు ఉంది, అది చాలా పాఠాల్లో మౌనంగా దాటిపోతుంది. X + Y జనక ప్రమేయం పాయిజాన్ జనక ప్రమేయంతో సమానమని మనం చూపించాం. అంతమాత్రాన X + Y విభాజనం పాయిజాన్ అని ఎందుకు అనాలి? వేరే ఏదో విభాజనానికి కూడా ఇదే జనక ప్రమేయం ఉండకూడదా? దీనికి అడ్డుకట్ట వేసేది ఏకత్వ సిద్ధాంతం. సున్నాను లోపల ఉంచుకున్న ఒక వివృత అంతరంలో రెండు జనక ప్రమేయాలు పరిమితంగా ఉండి, అక్కడ ఒకదానితో ఒకటి సమానమైతే, వాటి విభాజనాలు కూడా ఒకటే. కాబట్టి ఈ పద్ధతిలో జరిగేది వెలికితీత కాదు, గుర్తుపట్టడం. జనక ప్రమేయం నుంచి విభాజనాన్ని తిరిగి నిర్మించే సూత్రమేదీ మనం వాడలేదు. తెలిసిన పట్టికలో ఉన్న ఒక ఆకారాన్ని పోల్చుకుని, దాని పేరు చెప్పాం. పట్టికలో లేని ఆకారం వస్తే ఈ పద్ధతి సగటునూ విస్తృతినీ ఇస్తుంది గానీ పేరు ఇవ్వదు.

ఆకారాన్ని సరిగ్గా చదవకపోతే ఏమవుతుందో చూపడానికి మూడు సందర్భాలు ఎంచుకున్నాను; మూడూ పాయిజాన్‌లోనే ఉన్నాయి, మూడింటిలోనూ తొందరపాటు సులువు.

మొదటిది, X + Y బదులు 2X. ఒకే ముక్కలోని లెక్కను రెట్టింపు చేస్తే, అది కూడా సగటున 7.74 యే. కానీ E[e^(t·2X)] అంటే M(2t), అంటే exp(λ(e^(2t) − 1)). ఘాతంలో e^t ఉండవలసిన చోట e^(2t) ఉంది. పాయిజాన్ ఆకారం కాదు. కాకూడదు కూడా, ఎందుకంటే 2X ఎప్పుడూ సరిసంఖ్యే. విస్తృతి 4λ, అంటే 15.48, స్వతంత్ర ముక్కల మొత్తానికి అది 7.74 మాత్రమే. ఒకే కొలతను రెండుసార్లు వాడుకోవడానికీ రెండు కొలతలు తీసుకోవడానికీ ఉన్న తేడా M(2t), M(t)² ల మధ్య తేడాగా కనిపిస్తుంది. పరీక్ష పత్రాల్లో ఈ రెండింటినీ కలిపేసిన జవాబులు కోకొల్లలు.

రెండవది తేడా. కిరణధార్మికత కొలిచేటప్పుడు నమూనా ఉన్నప్పటి లెక్కలోంచి, నమూనా లేకపోయినా పరిసరాల వల్ల వచ్చే లెక్కను తీసేస్తారు. మొదటి లెక్క X సగటు λ, రెండవది Y సగటు μ, రెండూ స్వతంత్రం అనుకుందాం. X − Y జనక ప్రమేయం M_X(t) · M_Y(−t), అంటే

exp(λ(e^t − 1) + μ(e^(−t) − 1))

ఇందులో e^(−t) మిగిలిపోయింది. పాయిజాన్‌ల మొత్తం పాయిజాన్ అయినంత మాత్రాన వాటి తేడా పాయిజాన్ కాదు. ఋణ విలువలు తీసుకోగలిగినది పాయిజాన్ ఎలా అవుతుంది? సంవర్గమానాన్ని ఒకసారి అవకలనం చేస్తే సగటు λ − μ, రెండుసార్లు చేస్తే విస్తృతి λ + μ. సగటులో తీసివేసినది విస్తృతిలో కూడుకుంది. పరిసరాల లెక్కను తీసేసిన తరువాత మిగిలిన చిన్న సంఖ్యకు దాని వర్గమూలాన్ని దోషంగా రాసేవారు, తమ కొలత నిజంగా ఉన్నదానికంటే కచ్చితమైనదని నమ్మే ప్రమాదం ఇక్కడే ఉంది. λ = 110, μ = 100 అయితే తేడా సగటు 10; ప్రామాణిక విచలనం √10, అంటే 3.2 కాదు, √210, అంటే 14.5.

మూడవది కొంచెం లోతైనది. λ అన్ని ముక్కల్లోనూ ఒకటే కాకపోతే? సగం ముక్కల్లో అది 3.37, మిగిలిన సగంలో 4.37 ఉందని, ఏ ముక్క ఏ రకమో మనకు తెలియదని అనుకుందాం. అప్పుడు జనక ప్రమేయం రెండు పాయిజాన్ జనక ప్రమేయాల సగటు అవుతుంది, లబ్ధం కాదు:

½ exp(3.37(e^t − 1)) + ½ exp(4.37(e^t − 1))

దీనిని అవకలనం చేస్తే సగటు మళ్ళీ 3.87 యే వస్తుంది, కనుక సగటును చూసి ఏమీ పసిగట్టలేం. విస్తృతి మాత్రం 4.12: సగటుకు λ విలువల విస్తృతి 0.25 కలిసింది. ఇది ఎల్లప్పుడూ నిజం. λ మారుతూ ఉంటే విస్తృతి సగటును మించుతుంది, ఎంత మించిందన్నది λ ఎంత మారిందో చెబుతుంది. మొత్తాల జనక ప్రమేయాలను గుణిస్తాం, మిశ్రమాల జనక ప్రమేయాలను సగటు చేస్తాం. ఈ రెండు పనులను ఒకదానికి బదులు ఇంకొకటి చేయకపోతే సగం చిక్కులు తీరినట్టే.

రూథర్‌ఫర్డ్, గైగర్‌లకు ఈ మూడవ సందర్భం ఊహ కాదు. పొలోనియం అర్ధాయువు 138 రోజులు, అంటే మూలం రోజుకు అర శాతం చొప్పున బలహీనపడుతుంది. లెక్కింపు కొన్ని రోజుల పాటు సాగింది కాబట్టి, సగటు స్థిరంగా ఉండేందుకు వారు మూలాన్ని ప్రతిరోజూ తెరకు కాస్త దగ్గరగా జరుపుతూ వచ్చారు. అలా జరపకుండా ఐదు రోజులు వదిలేసినా విస్తృతిలో ఎంత తేడా వచ్చేదో పై సూత్రంతో చెప్పవచ్చు. λ ఐదు రోజుల్లో రెండున్నర శాతం, అంటే దాదాపు 0.1 తగ్గుతుంది, అంత ఇరుకైన మేరలో సమానంగా పరుచుకున్న విలువల విస్తృతి 0.001 కూడా ఉండదు. 3.87 పక్కన అది కనిపించనే కనిపించదు. జాగ్రత్త మంచిదే, కానీ ఈ లెక్కకు అది అవసరమైనంత పెద్ద ముప్పు కాదని జనక ప్రమేయం చెబుతోంది.

అదే టేపును ఇంకో విధంగానూ చదవవచ్చు. ముక్కలో ఎన్ని మెరుపులని అడగకుండా, ఒక మెరుపు నుంచి తరువాతి మెరుపుకు ఎంత సమయం పట్టిందని అడగవచ్చు. సెకనుకు సగటున r మెరుపులు పడుతుంటే, ఎదురుచూపు ఘాతిక విభాజనాన్ని అనుసరిస్తుంది. దాని సాంద్రత x ≥ 0 కు r e^(−rx). జనక ప్రమేయం కోసం e^(tx) · r e^(−rx) ను సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేయాలి. t విలువ r కంటే తక్కువైతే సమాకలని విలువ r/(r − t). t విలువ r ను చేరినా దాటినా సమాకలని అనంతం. కనుక ఈ జనక ప్రమేయం t < r వరకే బతుకుతుంది. అది చాలు, ఎందుకంటే r ధనాత్మకం కాబట్టి సున్నాకు రెండు పక్కలా చోటుంది. ఈ హద్దును రాయకుండా వదిలేసి, t స్థానంలో పెద్ద సంఖ్య పెట్టి ఋణాత్మక జవాబు తెచ్చుకున్నవారు ఉంటారు. e^(tX) ఎప్పుడూ ధనాత్మకం కాబట్టి జనక ప్రమేయం ఋణాత్మకమైతే హద్దు దాటినట్టు వెంటనే తెలుసుకోవచ్చు.

సంవర్గమానం K(t) = −log(1 − t/r). సగటు 1/r, విస్తృతి 1/r². మన టేపులో r = 3.87/7.5, అంటే సెకనుకు 0.516; సగటు ఎదురుచూపు 1.94 సెకన్లు. నాలుగవ మెరుపు కోసం ఎంతసేపు ఆగాలి? అది నాలుగు స్వతంత్ర ఎదురుచూపుల మొత్తం, జనక ప్రమేయం (r/(r − t))⁴. ఇది గామా విభాజనపు ఆకారం, ఘాతం 4. సగటు 4/r, అంటే 7.75 సెకన్లు; ప్రామాణిక విచలనం 2/r, అంటే 3.88 సెకన్లు. గామా సాంద్రతను మూడు సార్లు సమాకలనం చేసి సంపాదించేవారు పడే శ్రమను, ఒక ఘాతాన్ని చదవడం తీసేసింది. అయితే అన్ని ఎదురుచూపులకూ r ఒకటే కావాలి. రెండు వేర్వేరు రేట్లుంటే లబ్ధం r₁r₂/((r₁ − t)(r₂ − t)) అవుతుంది, హారంలో రెండు భిన్నమైన కారణాంకాలు ఉంటాయి, గామా సూత్రంలో అలా ఉండదు.

ద్విపద విభాజనంలోనూ కథ ఇదే. దాని జనక ప్రమేయం (1 − p + pe^t)^n. p ఒకటే అయినప్పుడు గుణిస్తే n లు కూడుకుంటాయి, మొత్తం మళ్ళీ ద్విపదే. p లు వేరైతే సగటు, విస్తృతి మామూలుగానే కూడుకుంటాయి గానీ మొత్తం ద్విపద కాదు. e^t ని z అనుకుంటే ద్విపద సూత్రం ఒకే మూలం పదే పదే ఉన్న బహుపది. p లు వేరైన లబ్ధానికి రెండు వేర్వేరు మూలాలు ఉంటాయి. సగటు p ని తీసుకుని ద్విపదగా చెలామణీ చేస్తే సగటు సరిపోతుంది, విస్తృతి నిజమైనదానికంటే ఎక్కువగా వస్తుంది.

మొదట వాయిదా వేసిన షరతును ఇప్పుడు తీసుకుందాం. Z ప్రామాణిక సామాన్య విభాజనాన్ని పాటిస్తే, X = e^Z ను సంవర్గ సామాన్య చలరాశి అంటారు. దాని n వ భ్రామకం e^(n²/2). ప్రతి n కూ అది పరిమితమే. సగటు √e, అంటే 1.65, విస్తృతి e² − e, అంటే 4.67. కానీ జనక ప్రమేయం మాత్రం t ధనాత్మకమైతే, అది ఎంత చిన్నదైనా, అనంతమే. శ్రేణిలో t^n ఎంత వేగంగా తగ్గినా, n! ఎంత వేగంగా పెరిగినా, e^(n²/2) వాటన్నింటినీ దాటిపోతుంది. అంటే అన్ని భ్రామకాలూ ఉండి, వాటిని జనింపజేసే ప్రమేయం లేని విభాజనం ఇది. దీని పర్యవసానం పేరుకు మాత్రమే సంబంధించినది కాదు. 1963లో సి.సి. హేడ్ చూపించినది ఏమిటంటే, ఈ విభాజనపు సాంద్రతను 1 + sin(2π log x) తో గుణించినా వచ్చేది సరైన సాంద్రతే, దాని భ్రామకాలన్నీ కూడా పాతవాటితో సమానమే. రెండు వేర్వేరు విభాజనాలకు మొదటి భ్రామకం నుంచి చివరిదాకా అన్నీ ఒకటే. భ్రామకాలన్నీ తెలిస్తే విభాజనం తెలిసినట్టే అని ఎవరైనా అంటే, జనక ప్రమేయం సున్నా చుట్టూ ఉందా అని అడగాలి.

కోషీ విభాజనంలో పరిస్థితి ఇంకా కఠినం. దాని సాంద్రత 1/(π(1 + x²)). సున్నా తప్ప ఏ t కైనా జనక ప్రమేయం అనంతం, సగటు కూడా లేదు. ఇలాంటి చోట t బదులు is, అంటే కాల్పనిక సంఖ్య, వాడతారు. E[e^(isX)] ను లాక్షణిక ప్రమేయం అంటారు. e^(isX) పరిమాణం ఎప్పుడూ 1 కాబట్టి ఇది ప్రతి విభాజనానికీ ఉంటుంది. గుణకార నియమం, ఏకత్వ సిద్ధాంతం రెండూ దీనికీ వర్తిస్తాయి. కోషీకి ఇది e^(−|s|). స్వతంత్రమైన n కోషీ చలరాశుల మొత్తానికి e^(−n|s|). సగటు తీసుకోవడమంటే s ను s/n తో మార్చడమే కాబట్టి, వాటి సగటుకు మళ్ళీ e^(−|s|) యే వస్తుంది. వెయ్యి కోషీ కొలతల సగటు ఒక్క కొలత ఎంత చెదిరి ఉంటుందో అంతే చెదిరి ఉంటుంది. పాయిజాన్ ముక్కల సగటును కచ్చితం చేసే √n ఇక్కడ ఎక్కడా పుట్టదు.